మద్దతు 1,340 దగ్గర, షేరు 1,420లో: పుట్ ఏ స్ట్రైక్‌లో, ఏ నెలది కొనాలి?

కృష్ణాతీరం | అక్టోబర్ 11, ఉదయం 9:40

నా దగ్గర ఒక కంపెనీ షేర్లు వెయ్యి ఉన్నాయి. కిందటి ఏడాది డిసెంబర్ 9న 1,080 చొప్పున కొన్నాను. నిన్న 1,420 దగ్గర ముగిసింది. కంపెనీ పేరు చెప్పను. చెబితే చర్చంతా ఆ కంపెనీ మంచిదా చెడ్డదా అన్న దాని మీదికి పోతుంది. లాట్ 500, కాబట్టి రెండు లాట్లకు సరిగ్గా సరిపోతాయి.

రోజువారీ చార్టులో 1,340 నుంచి 1,350 మధ్య గట్టి మద్దతు కనిపిస్తోంది. జూన్‌లో, జూలై చివర, మళ్లీ సెప్టెంబర్‌లో అక్కడి నుంచే పైకి లేచింది. ఆగస్టులో ఒక రోజు మాత్రం 1,329 దాకా దిగి, సాయంత్రానికి 1,348లో ముగిసింది. ఆ పట్టీ పోతే 1,240 దాకా ఆగే చోటేదీ నాకు కనిపించడం లేదు.

డిసెంబర్ మూడో వారంలో ఫ్లాట్ రిజిస్ట్రేషన్ ఉంది. దానికి 13 లక్షలు ఈ షేర్లు అమ్మే కట్టాలి. ఇప్పుడే అమ్మేయవచ్చు, కానీ ఏడాది నిండితే పన్ను బాగా తగ్గుతుందని ఆగాను. ఈలోగా నవంబర్ 4 సాయంత్రం త్రైమాసిక ఫలితాలు వస్తాయి.

మద్దతు 1,340లో ఉంది కాబట్టి, షేరు ఎంత పడినా ఆ ధరకు అమ్ముకునే హక్కు ఉండేలా పుట్ కూడా 1,340లోనే కొంటే సరిపోతుందని నా ఆలోచన. అక్టోబర్ 28తో ముగిసే 1,340 పుట్ 7 రూపాయలు ఉంది. నవంబర్ 25తో ముగిసేది 22. మూడు రెట్లు ఎక్కువ పెట్టడానికి చేయి రావడం లేదు. తెలిసిన ముగ్గురిని అడిగితే మూడు రకాలుగా చెప్పారు. నిద్ర పట్టడం లేదు.

చార్టుపిచ్చి | అక్టోబర్ 11, ఉదయం 10:05

మద్దతు ఉన్న చోటే పుట్ కొనకూడదు. దాని కింద కొనాలి, అంటే 1,320. మద్దతు నిలిస్తే పుట్‌తో పని లేదు, పోతేనే పని. ఆగస్టులో 1,329 దాకా వచ్చి తిరిగింది చూశారు కదా, ఆ తోక కిందికి స్ట్రైక్ పెడితే, మద్దతు విరిగినట్లు కనిపించి తిరిగి లేచే పతనం మిమ్మల్ని తాకదు. ప్రీమియం కూడా 17కు వస్తుంది.

మిర్చియార్డు | అక్టోబర్ 11, ఉదయం 10:20

మద్దతు గట్టిగా ఉంటే 1,340 పుట్ అమ్మితే ఆ 22 రూపాయలు మీ జేబులోకే వస్తాయి కదా? నేను ప్రతి నెలా అదే చేస్తాను.

కృష్ణాతీరం | అక్టోబర్ 11, ఉదయం 10:31

మిర్చియార్డు గారూ, నేను పుట్ అమ్మడం గురించి అడగలేదు. నా దగ్గర షేర్లు ఇప్పటికే ఉన్నాయి. పుట్ కూడా అమ్మితే, పడినప్పుడు రెండు వైపులా నాకే దెబ్బ.

మిర్చియార్డు | అక్టోబర్ 11, ఉదయం 10:34

అవును, సరిగా చదవలేదు. షేర్లు లేనివాళ్లకు చెప్పే మాట అది.

పాత_డీలర్ | అక్టోబర్ 11, ఉదయం 11:15

చార్టుపిచ్చి గారు చెప్పినది చాలామంది చెప్పే మాటే. అందులో ఒక చిక్కు ఉంది. మద్దతు తన పని తాను చేస్తే ధర ఎక్కడ ఆగుతుంది? 1,345 దగ్గర. మీ పుట్ ఎక్కడ ఉంది? 1,320లో. అంటే మద్దతు నిలిచిన సందర్భంలోనే మీకు పైసా రాదు. షేరు మీద 75 రూపాయలు పోతాయి, ప్రీమియం 17 పోతుంది, మొత్తం 92. మద్దతు నిలిస్తే పుట్‌తో పని లేదన్నారు, కానీ కృష్ణాతీరం గారి ఇల్లు కొనే పని షేరు తిరిగి లేచే దాకా ఆగదు.

కృష్ణాతీరం గారూ, ముందు చార్టు పక్కన పెట్టి ఒక తీసివేత చేయండి. స్ట్రైక్‌లోంచి ప్రీమియం తీసేస్తే మిగిలేదే మీ అసలు నేల. నవంబర్ 25 నాడు షేరు ఎంత కిందికి పోయినా మీ చేతికి వచ్చేది అదే. శుక్రవారం ముగింపు ధరలతో చెబుతున్నాను:

1,320 పుట్ 17 రూపాయలు. నేల 1,303.
1,360 పుట్ 27 రూపాయలు. నేల 1,333.
1,400 పుట్ 41 రూపాయలు. నేల 1,359.

మీకు 13 లక్షలు తప్పనిసరి అన్నారు. వెయ్యి షేర్లకు 1,303 అంటే 13 లక్షల 3 వేలు. పన్ను, ఖర్చులు కడితే 13 దాటదు. కాబట్టి 1,320 అక్కడే పోయింది. మీరు చెప్పిన 1,340 పుట్ నేల 1,318, అది కూడా అంచు మీదే ఉంది.

చార్టులోని మద్దతు గీత ఎక్కడ కొనేవాళ్లు ఉన్నారో చెబుతుంది. స్ట్రైక్ ఎక్కడి నుంచి నష్టం మీది కాదో చెబుతుంది. రెండూ ఒకే అంకె అయి తీరాలని ఏమీ లేదు.

చార్టుపిచ్చి | అక్టోబర్ 11, ఉదయం 11:32

అయితే చార్టు ఎందుకు పనికొస్తుంది మరి?

పాత_డీలర్ | అక్టోబర్ 11, ఉదయం 11:58

రెండు పనులకు. మొదటిది, పడితే ఎంత దూరం పడుతుందో అంచనా వేయడానికి. 1,340కి, 1,240కి మధ్య ఆగే చోటు లేదని ఆయన చూసిన చూపు చాలా విలువైనది. పుట్ డబ్బులివ్వాల్సింది ఆ ఖాళీలోనే. ప్రీమియం చౌక అని 1,240 పుట్ 6 రూపాయలకు కొనేవాళ్లను చూశాను. వంద రూపాయల పతనం మొత్తం తామే భరించి, కింద మద్దతు దొరికే చోట మొదలయ్యే బీమా కొంటున్నారన్న మాట.

రెండోది, 1,360 అనే ఆలోచన అక్కడి నుంచే వస్తుంది. పట్టీ పై అంచు 1,350. దానికి ఒక మెట్టు పైన స్ట్రైక్ ఉంటే, ధర ఆ పట్టీని పరీక్షించే సమయానికి అప్పటికే మీ పుట్ స్ట్రైక్ కిందికి వచ్చి ఉంటుంది. అప్పుడు దాన్ని కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఎక్కువమంది ఉంటారు, అమ్మాలన్నా తేలిక. 1,420 నుంచి 1,350 దాకా పడే 70 రూపాయల్లో 1,320 పుట్ అంతగా కదలదు. చాలామంది కంగారుపడి పారిపోయేది సరిగ్గా ఆ దశలోనే.

నిఫ్టీనాగరాజు | అక్టోబర్ 11, మధ్యాహ్నం 12:10

ఇంత ఎందుకు? నిఫ్టీ పుట్ కొనండి. ఎప్పుడు అమ్మినా కొనేవాడు ఉంటాడు, కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా పైసల్లో ఉంటుంది. స్టాక్ ఆప్షన్లలో వచ్చే నెల కాంట్రాక్టు అంటే ఎడారి.

పాత_డీలర్ | అక్టోబర్ 11, మధ్యాహ్నం 12:22

మార్కెట్ మొత్తం పడితే మీ మాట సరి. కానీ ఆయన భయం నవంబర్ 4 నాటి ఆ ఒక్క కంపెనీ ఫలితాల గురించి. ఆ మర్నాడు ఈ షేరు వంద పడి, నిఫ్టీ పచ్చగా ఉంటే? ఎడారి సంగతి మాత్రం నిజమే, దాని గురించి తర్వాత చెబుతాను.

డాలస్_సుబ్బు | అక్టోబర్ 11, మధ్యాహ్నం 12:40

ఇక్కడ అమెరికాలో ఒక్కో కాంట్రాక్టు వంద షేర్లకే ఉంటుంది. ఏడాది, రెండేళ్ల దూరం పుట్‌లు కూడా దొరుకుతాయి. నేను అయితే దూరం నెలది కొని మరిచిపోతాను, అవసరమైన రోజు ఎక్సర్‌సైజ్ చేసేస్తాను. అక్కడ ఎందుకు చేయకూడదు?

పాత_డీలర్ | అక్టోబర్ 11, మధ్యాహ్నం 12:51

సుబ్బు గారూ, ఇక్కడ ఎన్‌ఎస్‌ఈలో స్టాక్ ఆప్షన్లు యూరోపియన్ పద్ధతివి, ముగింపు రోజున తప్ప ఎక్సర్‌సైజ్ కుదరదు. ముందు బయటపడాలంటే మార్కెట్లో అమ్ముకోవాల్సిందే. నెలలు కూడా మూడే ఉంటాయి: ఇప్పుడైతే అక్టోబర్, నవంబర్, డిసెంబర్. అందులో మూడోదాంట్లో అడుగుపెట్టేవాళ్లు తక్కువ.

ఇక నెల సంగతి. కృష్ణాతీరం గారూ, మీరు 7కు, 22కు తేడా చూస్తున్నారు. అక్టోబర్ 28 పుట్ మీకు దేని నుంచి కాపాడుతుంది? ఫలితాలు వచ్చేసరికి అది చచ్చి వారం అవుతుంది. దాని ప్రీమియం తక్కువగా ఉండడానికి సగం కారణం అదే: అమ్మేవాడికి కూడా ఫలితాల భయం లేదు. నవంబర్ కాంట్రాక్టులో ఆ భయానికి కూడా కలిపి ధర కట్టారు. నెలను చార్టు చూసి కాదు, మీరు భయపడే తేదీ చూసి ఎంచుకోవాలి.

కృష్ణాతీరం | అక్టోబర్ 11, మధ్యాహ్నం 1:15

అక్టోబర్ 28 దాకా చౌకది కొని, ఆ తర్వాత నవంబర్‌ది కొంటే?

పాత_డీలర్ | అక్టోబర్ 11, మధ్యాహ్నం 1:30

కొనవచ్చు. అప్పటికి షేరు 1,420లోనే ఉండి, ఫలితాలు ఇక వారం దూరంలోనే ఉంటే, రోజులు తగ్గినా ప్రీమియం మీరు అనుకున్నంత తగ్గకపోవచ్చు. ఫలితాల ముందు ఐవీ, అంటే ధర ఎంత ఊగుతుందోనన్న మార్కెట్ అంచనా, లేస్తుంది. పైగా అప్పటికే షేరు 1,370కి దిగి ఉంటే 1,360 పుట్ రేటు ఇప్పటికంటే ఎక్కువే ఉంటుంది. ఆ జూదం మీకు ఎందుకు?

చార్టుపిచ్చి | అక్టోబర్ 11, మధ్యాహ్నం 2:05

నా అభిప్రాయం మార్చుకోలేదు. పుట్‌కు 27 వేలు పోసే బదులు 1,335 దగ్గర స్టాప్‌లాస్ పెడితే ఖర్చు సున్నా. నేల 1,333కి, 1,335కి తేడా ఏముంది? ఒకటే కదా.

పాత_డీలర్ | అక్టోబర్ 11, మధ్యాహ్నం 2:19

ఫలితాలు లేని నెల అయితే నేను కూడా మీ మాటే చెప్పేవాణ్ణి. కానీ ఫలితాలు సాయంత్రం వస్తాయి. మర్నాడు 1,280లో తెరుచుకుంటే మీ స్టాప్‌లాస్ 1,280లోనే అమ్ముతుంది, 1,335లో కాదు. ఇంకోటి: ఆగస్టులో 1,329కి దిగిన రోజు గుర్తుందా? ఆ రోజు 1,335 స్టాప్‌లాస్ ఉన్నవాళ్లు ఉదయం అమ్మేసి, సాయంత్రం 1,348 చూశారు. పుట్ ఉన్నవాణ్ణి ధర బయటికి తోసేయలేదు. మద్దతు దగ్గర పుట్‌కు ఇచ్చే డబ్బు అసలు ఆ రెండింటికే: గ్యాప్‌కు, తోకకు.

చార్టుపిచ్చి | అక్టోబర్ 11, మధ్యాహ్నం 2:26

గ్యాప్ మాట ఒప్పుకుంటాను. తోక మాట ఒప్పుకోను, ముగింపు ధర చూసి అమ్మేవాళ్లకు తోక తగలదు.

వరంగల్_సుజాత | అక్టోబర్ 11, సాయంత్రం 5:10

నా అనుభవం చెబుతాను, స్ట్రైక్ సరిగా ఎంచుకున్నా ఎలా చెడుతుందో తెలుస్తుంది. రెండేళ్ల కిందట ఒక ఫార్మా షేరుకు ఇలాగే మద్దతు పైనే పుట్ కొన్నాను. షేరు పడింది, పుట్ బాగా లాభంలోకి వచ్చింది. సంతోషపడి ముగింపు రోజు దాకా అట్టే పెట్టుకున్నాను. నా షేర్లన్నీ అప్పటికే మార్జిన్ కోసం తాకట్టులో ఉన్నాయి. లాభంలో ఉన్న పుట్‌ను ముగింపు దాకా ఉంచితే డబ్బు తేడా ఇవ్వరు, షేర్లు అప్పగించాలి. నా షేర్లు తాకట్టు విడిపించి ఉంచాలని నాకు తెలియదు. అప్పగింత తప్పి, వేలంలో కొని ఇచ్చారు. వేలం ధర, జరిమానా కలిపి వచ్చిన లాభంలో సగానికి పైగా పోయింది. ముగింపుకు ముందు నాలుగు రోజుల నుంచి మార్జిన్ కూడా రోజురోజుకూ పెంచుతూ అడిగారు. ఆ సందేశాలను నేను మామూలువే అనుకున్నాను.

మీ షేర్లు తాకట్టులో ఉన్నాయేమో ఈ రోజే చూసుకోండి.

కృష్ణాతీరం | అక్టోబర్ 11, సాయంత్రం 5:48

సుజాత గారూ, చాలా మేలు చేశారు. ఇప్పుడే చూశాను. వెయ్యిలో 400 తాకట్టులో ఉన్నాయి! ఎప్పుడో పెట్టి మరిచిపోయాను. సోమవారం విడిపిస్తాను.

నెల్లూరు_ఆడిటర్ | అక్టోబర్ 11, రాత్రి 8:30

షేర్లు అప్పగించడం అన్న మాట వచ్చింది కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. మీరు ఆగిందే ఏడాది నిండడం కోసం. డిసెంబర్ 9న కొన్నారు కాబట్టి ఈ డిసెంబర్ 10 నుంచి అమ్మితేనే దీర్ఘకాలిక లాభం. నవంబర్ 25న పుట్ లాభంలో ఉండి షేర్లు అప్పగిస్తే అది అమ్మకమే, స్వల్పకాలిక లాభమే.

1,360 పుట్ మీద షేర్లు అప్పగించారనుకుందాం. చేతికి 13 లక్షల 60 వేలు. ప్రీమియం 27 వేలు ముందే పోయింది. లాభం షేరుకు 280, మొత్తం 2 లక్షల 80 వేలు. దాని మీద 20 శాతం అంటే 56 వేలు, పైన సెస్సు. మిగిలేది 12.8 లక్షల లోపే. పాత డీలర్ గారు చూపిన నేల పన్ను దగ్గర కుంగిపోతుంది.

షేర్లు అప్పగించకుండా, ముగింపుకు ముందే పుట్‌ను మార్కెట్లో అమ్మి, షేర్లను డిసెంబర్ 10 తర్వాత అమ్మితే లెక్క మారుతుంది. దీర్ఘకాలిక లాభంలో 1 లక్షా 25 వేల దాకా పన్ను లేదు, పైదానికి 12.5 శాతం. ఈ ఏడాది ఇతర షేర్ల మీద దీర్ఘకాలిక లాభం ఇప్పటికే తీసుకుని ఉంటే ఆ మినహాయింపు అంతమేరకు తగ్గుతుంది. పుట్ మీద వచ్చిన లాభం వ్యాపార ఆదాయంగా మీ శ్లాబులో పడుతుంది, ఐటీఆర్-3 వేయాలి. షేరు 1,250కి పడిన సందర్భం లెక్క వేస్తే, 30 శాతం శ్లాబులో ఉన్నా పన్నులన్నీ పోగా 13 లక్షలు అంచున నిలుస్తాయి.

పాత_డీలర్ | అక్టోబర్ 11, రాత్రి 9:02

ఆడిటర్ గారు నా లెక్కలో పెద్ద కన్నమే చూపించారు. నేను పన్ను గురించి ఒక్క మాటలో దాటేశాను. దీంతో ఇంకో ప్రశ్న కూడా లేస్తోంది: నవంబర్ 25న పుట్ పోయాక డిసెంబర్ 10 దాకా ఆ పదిహేను రోజులు షేర్లకు గొడుగు లేదు. డిసెంబర్ 30 పుట్ కొంటే ఉంటుంది, కానీ ఇప్పుడు దాంట్లో ధరలే సరిగా లేవు. నవంబర్ మధ్యలో చూసుకోవచ్చు.

గాజువాక_రవి | అక్టోబర్ 12, ఉదయం 8:15

1,360 కొని 1,240 పుట్ అమ్మితే 6 రూపాయలు తగ్గుతాయి కదా. ఆ కింద ఎలాగూ మద్దతు ఉందన్నారు.

పాత_డీలర్ | అక్టోబర్ 12, ఉదయం 9:20

చేసేవాళ్లు ఉన్నారు, తప్పు కాదు. కానీ అప్పుడు నేల నేలగా ఉండదు. 1,180కి పడితే 1,240 కింద పోయే 60 రూపాయలు మళ్లీ ఆయనవే. 6 వేలు మిగులు కోసం ఆయన 1,240 మద్దతు మీద పందెం కాస్తున్నట్లు. అమ్మిన పుట్‌కు మార్జిన్ కూడా కట్టాలి. ఇంత డబ్బు తప్పనిసరి అని తేదీతో సహా చెప్పినవారికి నేను ఇది చెప్పను.

చార్టుపిచ్చి | అక్టోబర్ 12, ఉదయం 10:44

అంత తప్పనిసరి అయితే 1,400 ఎందుకు కొనరు? నేల 1,359. డీలర్ గారి తర్కాన్ని చివరి దాకా తీసుకెళ్తే అదే రావాలి.

పాత_డీలర్ | అక్టోబర్ 12, ఉదయం 11:05

మంచి ప్రశ్న. 1,345 దగ్గర ఆగిపోయిన సందర్భం చూడండి: 1,320 పుట్‌తో షేరుకు 92 పోతుందని చెప్పాను, 1,360తో 87, 1,400తో 61. మద్దతు నిలబడుతుందని గట్టిగా నమ్మేవాళ్లకు నిజానికి 1,400 పుట్టే ఎక్కువ ఉపయోగం. చాలామందికి ఇది తలకిందులుగా తోస్తుంది. కానీ షేరు పైకి పోతే 41 వేలు పోయినట్లే. అందుకు సిద్ధమా అన్నది ఆయనే చెప్పాలి. నేనైతే 1,360 దగ్గర ఆగుతాను, అది నా స్వభావం మాత్రమే.

కృష్ణాతీరం | అక్టోబర్ 13, మధ్యాహ్నం 12:35

కొన్నాను. నవంబర్ 1,360, రెండు లాట్లు, 27.50కి. ఎడారి అన్న మాట నిజమే. ఉదయం తెరవగానే కొనేవాళ్లు 24.50, అమ్మేవాళ్లు 31. రెండు వైపులా ఒక్కొక్క లాటే ఉంది. మార్కెట్ ఆర్డర్ పెట్టి ఉంటే 31 పైనే పడేది. పాత డీలర్ గారు ఫోనులో చెప్పినట్లు 27.50కి లిమిట్ పెట్టి కదపకుండా కూర్చున్నాను. 11:20కి ఒక లాట్, 12:10కి రెండో లాట్ వచ్చాయి. ఆ 400 షేర్ల తాకట్టు విడుదలకు కూడా కోరాను.

పాత_డీలర్ | అక్టోబర్ 13, మధ్యాహ్నం 12:50

మంచి పని. ఒకటి గుర్తుంచుకోండి. ఫలితాలు బాగుండి షేరు 1,440కి పోతే, మర్నాడే ఈ పుట్ 5 రూపాయలకు రావచ్చు. భయం తీరగానే ఐవీ కుప్పకూలుతుంది. అది చూసి మోసపోయామని అనుకోవద్దు.

కృష్ణాతీరం | నవంబర్ 6, సాయంత్రం 4:20

ఫలితాలు 4న రాత్రి వచ్చాయి. లాభాల శాతం తగ్గింది. నిన్న కార్తిక పౌర్ణమి సెలవు కావడంతో ఒక రోజంతా ఏమీ చేయలేక ఇంట్లో తిరుగుతూ గడిపాను. ఈ ఉదయం 1,312లో తెరుచుకుంది, 1,304 దాకా దిగింది. పుట్ 60 దాటింది. చేయి ఆగక ఒక లాట్ 58కి అమ్మేశాను. 29 వేలు వచ్చాయి, అంటే రెండు లాట్లకు పెట్టిన 27,500 తిరిగి వచ్చినట్లే. సాయంత్రానికి షేరు 1,347లో ముగిసింది. మిగిలిన లాట్ ఇప్పుడు 35.

చార్టుపిచ్చి | నవంబర్ 6, సాయంత్రం 4:41

చూశారా, ముగింపు మళ్లీ పట్టీలోనే! 1,304 తోక, 1,347 ముగింపు. మద్దతు నిలిచింది. రెండో లాట్ కూడా రేపు అమ్మేయండి.

పాత_డీలర్ | నవంబర్ 6, సాయంత్రం 5:15

స్టాప్‌లాస్ ఉన్నవాళ్లు ఉదయం 1,312లో అమ్మేసి ఉంటారు, అది కూడా గుర్తుంచుకోండి చార్టుపిచ్చి గారూ. కృష్ణాతీరం గారూ, మీరు చేసింది నాకు పూర్తిగా నచ్చలేదు. 1,312లో ఉండగా సగం గొడుగు తీసేశారు. షేరు అక్కడి నుంచి 1,240కి పోయి ఉంటే ఆ 500 షేర్లకు దిక్కు లేదు. డబ్బు వచ్చింది కాబట్టి సరే అనుకోకండి.

వరంగల్_సుజాత | నవంబర్ 6, సాయంత్రం 5:40

నేను మాత్రం ఆయన పక్షమే. పెట్టిన డబ్బు చేతికి వచ్చేసింది, మిగతా లాట్ ఊరికే ఉన్నట్లు. నేను ఆ రోజు ఒక లాట్ అయినా అమ్మి ఉంటే వేలం దాకా పోయేది కాదు.

నెల్లూరు_ఆడిటర్ | నవంబర్ 6, సాయంత్రం 6:10

ఎవరి పక్షమైనా సరే, మిగిలిన లాట్‌ను నవంబర్ 25 దాకా ఉంచి షేర్లు అప్పగించే పని మాత్రం వద్దు. ఇప్పటికీ డిసెంబర్ 10 రాలేదు.

కృష్ణాతీరం | నవంబర్ 7, మధ్యాహ్నం 2:55

డీలర్ గారి మాట మనసుకు పట్టింది. రెండో లాట్ అమ్మలేదు. ఈ రోజు డిసెంబర్ 30 పుట్‌లు చూశాను. 1,340లో కొనేవాళ్లు 31, అమ్మేవాళ్లు 44. మధ్యలో 37కు ఒక లాట్ లిమిట్ పెట్టాను, ఇంతవరకు పడలేదు. నవంబర్ 25 తర్వాత పదిహేను రోజుల కోసం మొత్తం డిసెంబర్ ప్రీమియం కట్టడం సబబా, లేక 10వ తేదీన అమ్మేటప్పుడు పుట్‌లో మిగిలిన ఇరవై రోజుల విలువ ఎంతో కొంత తిరిగి వస్తుందా?

పాత_డీలర్ | నవంబర్ 7, మధ్యాహ్నం 3:20

తిరిగి వస్తుంది, అప్పటికి డిసెంబర్ నడుస్తున్న నెల కాబట్టి కొనేవాళ్లు కూడా ఉంటారు. ఎంత వస్తుందన్నది షేరు ఎక్కడ ఉంటుందన్న దాని మీద ఉంది. 37కు పడకపోతే వెంటపడి 44 ఇవ్వకండి. నవంబర్ రెండో వారం దాటితే ఆ తేడా తగ్గవచ్చు. సోమవారం ఉదయం పదిన్నర తర్వాత మళ్లీ పెట్టి చూడండి, తెరిచిన మొదటి గంటలో వద్దు.